గజిబిజి కార్డియాలజీ నోట్స్ నుంచి రెండు పేజీల రివిజన్ షీట్: ఒక వాల్వ్ లెక్చర్‌తో సమగ్ర మార్గదర్శి

గత నెల మా వార్డుకి పోస్టింగ్ మీద వచ్చిన ఫైనలియర్ అమ్మాయి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, సార్ చెప్పినప్పుడు అంతా అర్థమైంది. ఇప్పుడు తెరిస్తే నా రాత నాకే అర్థం కావట్లేదు" అంది. వాల్వ్ జబ్బుల మీద రెండు గంటల లెక్చర్, తొమ్మిది పేజీలు. బాణాలు, కొట్టివేతలు, మార్జిన్‌లో అడ్డంగా రాసిన ముక్కలు, సగంలో ఆగిన వాక్యాలు. నాలుగో పేజీలో మొదలైన సంగతి రెండో పేజీ మార్జిన్‌లో పూర్తవుతోంది.

ఆ తొమ్మిది పేజీలను ఒకే కాగితానికి రెండు వైపులా సరిపడేలా ఎలా మార్చామో ఇక్కడ వరుసగా చెప్తాను. ఆ అమ్మాయికి దాదాపు ఐదు గంటలు పట్టింది. రెండు రోజులుగా విడగొట్టి చేసింది. అందులో సగానికి పైగా సమయం రాతను సరిగ్గా చదవడానికే పోయింది. పోనివ్వండి, అసలు తప్పులు దొర్లేది అక్కడే.

## ముందుగా పేజీలు

నోట్స్‌లో ఒక్క అక్షరం కూడా దిద్దకముందే ప్రతి పేజీకి పైన నంబర్ వేసి, లెక్చర్ తేదీ రాసి, ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత ఒక సెట్ జిరాక్స్ తీయించుకోండి. ఇక పని అంతా ఆ జిరాక్స్ మీదే. మూలం అలాగే ఉండాలి, ఎందుకంటే "నేను అప్పుడు ఏం రాశాను" అనే ప్రశ్న చివరి దాకా వస్తూనే ఉంటుంది. దిద్దుళ్ళు మూలం మీదే చేస్తే లెక్చర్‌లో విన్నదేది, ఇప్పుడు ఊహించిందేది అని విడదీయలేం.

నోట్స్‌లో పేషెంట్ పేరు గానీ ఓపీ నంబర్ గానీ ఉంటే జిరాక్స్‌కి ఇచ్చే ముందే ఆ చోట తెల్ల కాగితం అంటించండి. బెడ్ సైడ్ క్లాసుల్లో రాసుకున్న నోట్స్‌లో ఇవి తరచుగా ఉంటాయి. కోఠిలో జిరాక్స్ తీయించిన షీట్ ఒకటి సాయంత్రానికల్లా బ్యాచ్ అంతా తిరుగుతుందని మనందరికీ తెలుసు.

## చదవడం: అనుమానం ఉన్నచోట గుండ్రం చుట్టండి, పూరించకండి

జిరాక్స్‌ని మొదటి నుంచి చివరి దాకా పైకి చదవండి. నాలుక ఆగిన ప్రతిచోటా గుండ్రం చుట్టి ముందుకు వెళ్ళిపోండి. అక్కడ ఏముండాలో తెలుసు కదా అని పూరించేయకండి. ఆ అమ్మాయి నోట్స్‌లో ముప్పైకి పైగా గుండ్రాలు వచ్చాయి. వాటిని చూస్తే మూడు రకాలుగా విడిపోయాయి: అక్షరాలు, బాణాలు, అంకెలు.

అక్షరాల సంగతి ముందు. వాల్వ్ లెక్చర్‌లో సంక్షిప్తాలు ఒక్క అక్షరం తేడాతో ఉంటాయి. ఈఎస్ఎమ్ అంటే ఎజెక్షన్ సిస్టాలిక్ మర్మర్. ఈడీఎమ్ అంటే ఎర్లీ డయాస్టాలిక్ మర్మర్. వేగంగా రాసేటప్పుడు మధ్య అక్షరం ఎటూ కాకుండా వంకర తిరిగితే ఒకటి ఇంకొకటి అయిపోతుంది. ఏఎస్ అంటే అయోర్టిక్ స్టెనోసిస్, ఏఆర్ అంటే అయోర్టిక్ రిగర్జిటేషన్, వీటిదీ అదే కథ. పీఆర్ అయితే మరీ కష్టం. ఒకచోట పల్స్ రేట్, ఇంకోచోట ఈసీజీలో పీఆర్ ఇంటర్వెల్, మరోచోట పల్మొనరీ రిగర్జిటేషన్. ఎమ్ఎస్ ఇక్కడ మైట్రల్ స్టెనోసిస్, న్యూరాలజీ నోట్‌బుక్‌లో మల్టిపుల్ స్క్లెరోసిస్.

ఇది చిన్న విషయం కాదని నాకు సొంత అనుభవం. ఫైనలియర్‌లో నా షీట్‌లో అయోర్టిక్ స్టెనోసిస్ పక్కన ఈడీఎమ్ అని ఎక్కించుకున్నాను. నీట్‌గా, డబ్బా గీసి మరీ. ఆరు వారాలు దాన్నే చదివాను. వైవాలో ఎగ్జామినర్ అడిగినప్పుడు అదే చెప్పాను. ఆయన కొంచెంసేపు నా ముఖం చూసి, "అమ్మా, ఆ వాల్వ్ ఎప్పుడు తెరుచుకుంటుంది?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నే ఇప్పుడు నేను ప్రతి షీట్‌కి వాడే పరీక్ష.

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. స్టెనోసిస్ మర్మర్ వాల్వ్ తెరుచుకుని ఉండాల్సిన సమయంలో వస్తుంది, ఎందుకంటే ఇరుకు దారిలోంచి రక్తం వెళ్ళేది అప్పుడే. రిగర్జిటేషన్ మర్మర్ వాల్వ్ మూసుకుని ఉండాల్సిన సమయంలో వస్తుంది, ఎందుకంటే వెనక్కి కారేది అప్పుడే. అయోర్టిక్ వాల్వ్ సిస్టోల్‌లో తెరుచుకుంటుంది. కాబట్టి అయోర్టిక్ స్టెనోసిస్‌ది సిస్టాలిక్ మర్మర్, అయోర్టిక్ రిగర్జిటేషన్‌ది డయాస్టాలిక్. మైట్రల్ వాల్వ్ డయాస్టోల్‌లో తెరుచుకుంటుంది. అక్కడ సరిగ్గా తిరగబడుతుంది. చదవలేని ప్రతి మర్మర్ గుండ్రం మీద ఈ ప్రశ్న వేయండి. ఆ అమ్మాయి మూడో పేజీలో "ఏఎస్ – ఈ?ఎమ్ – ఎడమ 3వ స్పేస్ – ముందుకు వంచి" అని ఉంది. మధ్య అక్షరం ఎస్ అనుకుంటే చోటు సరిపోవడం లేదు. డీ అనుకుంటే చోటు, భంగిమ రెండూ సరిపోతున్నాయి గానీ జబ్బు పేరు సరిపోవడం లేదు. ఫొటో పెద్దది చేసి చూస్తే అది ఏఎస్ కానే కాదు, ఏఆర్. ఒక్క గుండ్రంలో రెండు అక్షరాలు తప్పు చదివింది.

ఇక బాణాలు. పైకి బాణం, కిందికి బాణం రాసేటప్పుడు హాయిగా ఉంటాయి, చదివేటప్పుడు దేన్ని గురించో తెలియదు. ఆమె నోట్స్‌లో "ఏ2-ఓఎస్ ↓ సివియర్" అని ఉంది. శబ్దం తగ్గిందా, రెండు శబ్దాల మధ్య వ్యవధి తగ్గిందా? ఇక్కడ వ్యవధి. మైట్రల్ స్టెనోసిస్ ముదిరేకొద్దీ ఎడమ ఏట్రియంలో ఒత్తిడి పెరుగుతుంది. సిస్టోల్ ముగిశాక వెంట్రికల్ ఒత్తిడి పడిపోతూ ఉంటే, అది ఏట్రియం ఒత్తిడి కంటే కిందికి దిగిన క్షణాన వాల్వ్ తెరుచుకుంటుంది. ఏట్రియం ఒత్తిడి ఎంత ఎక్కువుంటే ఆ క్షణం అంత ముందుగా వస్తుంది. అందుకే ఏ2కి, ఓపెనింగ్ స్నాప్‌కి మధ్య దూరం తగ్గుతుంది. షీట్‌లో ఇలాంటి బాణాలన్నిటినీ మాటల్లోకి మార్చండి: "ఏ2 నుంచి ఓపెనింగ్ స్నాప్ దాకా వ్యవధి తక్కువైతే జబ్బు ముదిరినట్టు." ఒక్క లైన్ పెరుగుతుంది, పెరగనివ్వండి.

అంకెల గుండ్రాలను ప్రస్తుతానికి అలాగే ఉంచండి. వాటికి వేరే పని ఉంది, తర్వాత చెప్తాను.

## ప్రతి లైనుకీ ఒక ముద్ర

లెక్చర్ వరుసలోనే షీట్ రాయకూడదు. సార్ ఒక పేషెంట్ కథతో మొదలుపెట్టి, మధ్యలో ఎకో గురించి చెప్పి, ఎవరో డౌట్ అడిగితే చికిత్సలోకి వెళ్ళి, మళ్ళీ మర్మర్‌కి వచ్చారు. వినడానికి అది బాగుంటుంది. వెతుక్కోవడానికి పనికిరాదు.

జిరాక్స్ ఎడమ మార్జిన్‌లో ప్రతి లైనుకి ఒక అంకె, ఒక అక్షరం వేయండి. అంకె జబ్బుకి: 1 అయోర్టిక్ స్టెనోసిస్, 2 మైట్రల్ రిగర్జిటేషన్, 3 మైట్రల్ స్టెనోసిస్, 4 అయోర్టిక్ రిగర్జిటేషన్. అక్షరం శీర్షికకి: కా అంటే కారణం, ల అంటే లక్షణాలు, వి అంటే వినిపించేవి, ప అంటే పరీక్షలు, చి అంటే చికిత్స. "3-వి" అని ఉన్న లైన్లన్నీ ఎక్కడున్నా ఒకే గూటికి చేరతాయి. తొమ్మిది పేజీలకు ముద్రలు వేయడానికి అరగంట చాలు.

ముద్ర వేయడంలో ఒక ప్రమాదం ఉంది. కొన్ని లైన్లు ఇంకో జబ్బు నుంచి వచ్చి ఇక్కడ చేరతాయి. ఆమె ఏడో పేజీలో "ఏఎఫ్ – డీఓఏసీ ఇవ్వాలి" అని ఉంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మీద అంతకు ముందు వారం జరిగిన క్లాసులో విన్న మాట అది. మామూలు ఏఎఫ్‌కి చాలావరకు సరైనదే. దానికి "3-చి" ముద్ర వేస్తే మాత్రం తప్పయిపోతుంది. రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్ ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉండి, దానితో ఏఎఫ్ ఉన్నవాళ్ళకి ఇప్పటికీ వార్ఫరిన్ లాంటి విటమిన్-కె వ్యతిరేక మందే ఇస్తారు, ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. రుమాటిక్ గుండె జబ్బుతో ఏఎఫ్ ఉన్నవాళ్ళలో రివరాక్సబాన్ అనే డీఓఏసీని, విటమిన్-కె వ్యతిరేక మందుల్ని పోల్చిన ఇన్‌విక్టస్ ట్రయల్ 2022లో వచ్చింది. అందులో పాత మందు తీసుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. కాబట్టి చికిత్స లైనుకి ముద్ర వేసేటప్పుడు, ఇది ఈ జబ్బు గురించి చెప్పిన మాటేనా అని లైను పైనా కిందా చదివి చూసుకోండి.

## టేబుల్: ఏది ఏ పక్కన

ఇక తెల్ల కాగితం. నాలుగు జబ్బులు నిలువు వరుసలు, పేషెంట్ దగ్గర మనం చూసే క్రమం అడ్డ వరుసలు. జబ్బుల వరుసలో నేను పట్టుబట్టే విషయం ఒకటుంది. చాలామంది ఎమ్ఎస్ పక్కన ఎమ్ఆర్, ఏఎస్ పక్కన ఏఆర్ పెడతారు, ఎందుకంటే పుస్తకంలో అధ్యాయాలు అలా ఉంటాయి. పరీక్షలో, వార్డులో చిక్కు వచ్చేది మాత్రం వేరే జంటలతో. సిస్టాలిక్ మర్మర్ వినిపించింది, ఏఎస్ఆ ఎమ్ఆర్ఆ? డయాస్టాలిక్ వినిపించింది, ఎమ్ఎస్ఆ ఏఆర్ఆ? కాబట్టి తికమక పడే రెండూ పక్కపక్కన ఉండాలి. మధ్యలో ఒక మందపాటి గీత గీయండి: ఎడమ వైపు సిస్టాలిక్, కుడి వైపు డయాస్టాలిక్.

ఆ అమ్మాయి ముద్రలన్నీ ఎక్కించాక మొదటి టేబుల్ ఇలా వచ్చింది. షీట్‌ని మీరు ఇంగ్లిష్‌లోనే రాసుకోండి, పరీక్ష రాసేది ఇంగ్లిష్‌లో కదా.

| | ఏఎస్ | ఎమ్ఆర్ | ఎమ్ఎస్ | ఏఆర్ |
|---|---|---|---|---|
| పేషెంట్ మాటల్లో | నడిస్తే ఛాతీ పట్టేస్తుంది, కళ్ళు తిరిగి పడిపోయాను | దమ్ము వస్తుంది, నీరసం | మెట్లెక్కితే దమ్ము, గుండె దడ | పడుకుంటే గుండె గట్టిగా కొట్టుకుంటుంది |
| పల్స్ | చిన్నగా, నెమ్మదిగా లేస్తుంది | ? | ఏఎఫ్ ఉంటే అడ్డదిడ్డంగా | కొలాప్సింగ్ పల్స్, పల్స్ ప్రెషర్ ఎక్కువ |
| మర్మర్ ఎప్పుడు | సిస్టోల్‌లో, పెరిగి తగ్గుతుంది | సిస్టోల్ పొడవునా | డయాస్టోల్ మధ్యలో | డయాస్టోల్ మొదట్లోనే, క్రమంగా తగ్గుతుంది |
| ఎక్కడ | కుడి 2వ స్పేస్ | ఎపెక్స్ | ఎపెక్స్ | ఎడమ 3వ స్పేస్ |
| ఎటు పాకుతుంది | కెరోటిడ్స్ వైపు | చంక వైపు | ? | ఎడమ స్టెర్నల్ అంచు వెంట కిందికి |
| ఎలా వినాలి | ముందుకు వంచి, డయాఫ్రమ్‌తో | డయాఫ్రమ్‌తో | ఎడమ పక్కకు తిప్పి, బెల్‌తో | ముందుకు వంచి, ఊపిరి వదిలి ఆపించి, డయాఫ్రమ్‌తో |
| ఎస్1, ఎస్2 | ఏ2 మెత్తబడుతుంది | ఎస్1 మెత్తగా, ఎస్3 ఉండొచ్చు | ఎస్1 గట్టిగా, ఓపెనింగ్ స్నాప్ | ? |

మొదటి వరుస లెక్చర్‌లో లేదు, నేను పెట్టించాను. హైదరాబాద్ వార్డుల్లో ఎవరూ డిస్నియా అని చెప్పరు. "దమ్ము వస్తుంది సార్" అంటారు, "సాన్స్ ఫూల్తీ హై" అంటారు, "రెండు దిండ్లు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టట్లేదు" అంటారు. ఆ చివరి మాటే ఆర్థాప్నియా అని షీట్‌లో ఒక్కసారి రాసుకుంటే హిస్టరీ తీసేటప్పుడు వెతుక్కోనక్కరలేదు.

ఇప్పుడు ప్రశ్నార్థకాలు చూడండి, మూడున్నాయి. పేరాలుగా రాసిన నోట్స్‌లో ఈ లోటు కంటికి కనపడదు, ఒక వాక్యం తర్వాత ఇంకో వాక్యం సాగిపోతుంది. గడులు గీశాకే ఏది విన్నామో ఏది వినలేదో తేలుతుంది. అయితే ఖాళీ గడి రెండు రకాలు, వాటిని కలిపేయకండి. మొదటిది, అక్కడ నిజంగా చెప్పడానికేమీ లేకపోవడం. ఎమ్ఎస్ మర్మర్ ఎటూ పాకదు, కాబట్టి "పాకదు" అని రాయాలి. ఎమ్ఆర్ పల్స్‌లో గుర్తుపట్టేంత ప్రత్యేకత లేదు, ఏఎఫ్ వస్తే తప్ప. అదే రాయాలి. రెండోది, మనం విననిది. ఏఆర్ గడి అలాంటిది. పుస్తకం తెరిచి చూస్తే, తీవ్రమైన ఏఆర్‌లో ఏ2 మెత్తగా ఉండవచ్చని, ఎస్3 వినిపించవచ్చని దొరుకుతుంది. పుస్తకం నుంచి తెచ్చిన మాట కింద సన్నగా గీత గీయండి. లెక్చర్‌లో విన్నది, తర్వాత చేర్చింది వేరుగా కనపడాలి.

షీట్ పూర్తయ్యేసరికి ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు. ఖాళీగా వదిలిన గడిని పరీక్ష ముందు రాత్రి చూస్తే, ఏమీ లేదా, మర్చిపోయానా అని టెన్షన్ మొదలవుతుంది.

గడిలో ఎనిమిది పదాలు దాటితే అది టేబుల్‌కి చెందిన విషయం కాదేమోనని అనుమానించండి. ఆమె ఎమ్ఎస్ గడిలో ఎస్1 గురించి నాలుగు లైన్లు ఇరికించింది: గట్టిగా ఉంటుంది, వాల్వ్ కాల్సిఫై అయితే మెత్తబడుతుంది, అప్పుడు ఓపెనింగ్ స్నాప్ కూడా పోతుంది, ఎందుకంటే ఆకులు కదలవు. మంచి విషయమే, కానీ అందులో "ఎందుకంటే" ఉంది. "ఎందుకంటే" వచ్చిన ప్రతి సంగతినీ టేబుల్ బయటికి తీసుకెళ్ళండి.

## టేబుల్ కింద కారణాల గొలుసు

టేబుల్ పోల్చడానికి బాగా పనికొస్తుంది, కారణం చెప్పడానికి మాత్రం చేతకాదు. నాలుగు గడుల్లో నాలుగు ముక్కలు పెడితే వాటి మధ్య లంకె తెగిపోతుంది. అందుకే ప్రతి జబ్బుకీ టేబుల్ కింద ఐదారు లైన్ల గొలుసు రాయించాను. దాన్ని తెలుగులో రాసుకున్నా ఫర్వాలేదు. మనం ఆలోచించే భాషలో రాస్తే గొలుసులో ఎక్కడ తెగిందో వెంటనే తెలుస్తుంది. మైట్రల్ స్టెనోసిస్‌కి ఆమె చివరికి రాసింది ఇది:

"మైట్రల్ వాల్వ్ మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. రుమాటిక్ జ్వరం తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ ఇరుకవుతుంది. రక్తం దాటాలంటే ఎడమ ఏట్రియంలో ఒత్తిడి పెరగాలి. ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల సిరల్లోకి వెనక్కి పాకుతుంది, దమ్ము వస్తుంది. ఏట్రియం సాగిపోతుంది, ఏఎఫ్ మొదలవుతుంది. ఏఎఫ్‌లో గుండె వేగం పెరిగితే డయాస్టోల్ కురచవుతుంది, ఇరుకు వాల్వ్ దాటడానికి రక్తానికి ఉన్న కొద్ది సమయమూ పోతుంది, ఉన్నట్టుండి పల్మొనరీ ఎడీమా వస్తుంది. సాగిన ఏట్రియంలో రక్తం నిలిచి గడ్డకడితే స్ట్రోక్."

ఈ గొలుసు ఒక్కటి సరిగ్గా ఉంటే నోట్స్‌లో విడివిడిగా పడి ఉన్న చాలా లైన్లు వాటంతట అవే చోటు చూసుకుంటాయి. గుండె వేగం తగ్గించే మందులు ఎందుకిస్తారు? డయాస్టోల్‌ని పొడిగించడానికి. అప్పటిదాకా ఏ ఇబ్బందీ తెలియని ఆడవాళ్ళకి గర్భంలో మొదటిసారి దమ్ము ఎందుకొస్తుంది? రక్తం పరిమాణం, గుండె వేగం రెండూ పెరుగుతాయి కాబట్టి. ఏఎఫ్ వచ్చాక డయాస్టోల్ చివర మర్మర్ పెరగడం ఎందుకు పోతుందని పుస్తకాలు చెబుతాయి? ఆ పెరుగుదల ఏట్రియం ముడుచుకోవడం వల్ల వచ్చేది, ఇప్పుడు ఆ ముడుచుకోవడమే లేదు. ఈ మూడూ ఆమె నోట్స్‌లో 2, 5, 8 పేజీల్లో సంబంధం లేని మూడు ముక్కలుగా ఉన్నాయి.

గొలుసుకే చెందేది ఇంకొకటుంది: మర్మర్ ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి జబ్బు ఎంత ముదిరిందో చెప్పలేం. ఎమ్ఎస్‌లో మర్మర్ ఎంతసేపు సాగిందన్నది ముఖ్యం. ఏఎస్‌లో మర్మర్ శిఖరం సిస్టోల్‌లో ఎంత ఆలస్యంగా వచ్చిందన్నది ముఖ్యం. గుండె బలహీనపడితే తీవ్రమైన ఏఎస్‌లోనూ మర్మర్ మెత్తగా వినిపించవచ్చు. దీన్ని గడిలో "లౌడ్", "సాఫ్ట్" అని పెడితే తప్పుడు అర్థం వచ్చేస్తుంది.

## అంకెలు: పేరు లేని అంకెను షీట్‌లోకి రానివ్వకండి

ఇప్పుడు పక్కన పెట్టిన అంకెల గుండ్రాలు. ఆమె ఆరో పేజీ మూలలో "5-3-2" అని ఉంది, చుట్టూ నక్షత్రాలు. చాలా ముఖ్యమని తెలుసు, ఏమిటో తెలియదు. అది అయోర్టిక్ స్టెనోసిస్ గురించి తరతరాలుగా చెబుతున్న లెక్క: వాల్వ్ మార్చకపోతే, ఛాతీనొప్పి మొదలయ్యాక సుమారు 5 ఏళ్ళు, స్పృహ తప్పడం మొదలయ్యాక 3, హార్ట్ ఫెయిల్యూర్ వచ్చాక 2. అంకె పక్కన ఏమిటి, ఎప్పటి నుంచి, ఏ యూనిట్ అన్న మూడూ లేకపోతే షీట్‌లోకి ఎక్కించకండి.

ఇంకో గుండ్రంలో అసలైన తగువు ఉంది. రెండో పేజీలో "ఎమ్ఎస్ సివియర్ <1" అని, ఎనిమిదో పేజీలో "≤1.5" అని. ఆమె ఒకటి తప్పుగా విన్నానని కొట్టేయబోయింది. నిజానికి రెండూ సరిగ్గానే విన్నది. పాత పుస్తకాల్లో 1 చదరపు సెంటీమీటర్ కంటే తక్కువైతే తీవ్రం. అమెరికన్ గైడ్‌లైన్స్ 2014లో ఆ గీతను 1.5కి మార్చి, 1 లేదా అంతకంటే తక్కువని అతి తీవ్రం అన్నాయి. 2020లోనూ ఆ 1.5 గీతనే ఉంచాయి. సీనియర్ల పాత షీట్లు, ఆదివారం అబిడ్స్‌లో కొన్న పాత ఎడిషన్లు చేతిలో ఉన్నవాళ్ళకి ఈ తగువు తప్పకుండా ఎదురవుతుంది. అంకె పక్కన సంవత్సరం రాయడమే దీనికి మందు.

| | తీవ్రం అనాలంటే |
|---|---|
| ఎమ్ఎస్ | వాల్వ్ వైశాల్యం 1.5 చ.సెం.మీ. లేదా తక్కువ (2014 నుంచి, పాత పుస్తకాల్లో 1 కంటే తక్కువ) |
| ఏఎస్ | వైశాల్యం 1 చ.సెం.మీ. లేదా తక్కువ; మీన్ గ్రేడియంట్ 40 మి.మీ. మెర్క్యురీ లేదా ఎక్కువ. రక్త వేగం సెకనుకు 4 మీటర్లు లేదా ఎక్కువ |

ఎమ్ఆర్, ఏఆర్ అంకెలు కూడా పెట్టాలని ఆమె అనుకుంది. వద్దన్నాను. వాటి ఎకో కొలతలు ఒక్క అంకెతో తేలవు, ఎమ్‌బీబీఎస్ స్థాయిలో వాటికోసం షీట్‌లో చోటు వృథా చేయనక్కరలేదు. నా నిర్ణయం ఇది, పీజీ ఎంట్రన్స్‌కి చదివేవాళ్ళు వేరేలా అనుకోవచ్చు.

## రంగులు, జిరాక్స్

షీట్ అంతా నల్ల పెన్నుతోనే రాయండి. ఎరుపు అయోర్టిక్, నీలం మైట్రల్ అని రంగులు పెట్టుకున్న షీట్లు ఎన్నో చూశాను. జిరాక్స్ తీస్తే అన్నీ నలుపే, పైగా హైలైటర్ వేసినచోట అక్షరాల వెనక బూడిద మచ్చ వస్తుంది. తేడా చూపించాలంటే మందపాటి గీత, డబ్బా, సన్నని అండర్‌లైన్, ఈ మూడూ చాలు. ముందు వైపు పెద్ద టేబుల్, దాని కింద ఎమ్ఎస్, ఏఎస్ గొలుసులు. వెనక వైపు మిగతా రెండు గొలుసులు, అంకెల టేబుల్, చికిత్స. పట్టకపోతే అక్షరాలు చిన్నవి చేయకండి, ఏదో ఒకటి తీసేయండి. ఆమె షీట్‌లో ముందుగా పోయినవి ఏఆర్‌లో కనిపించే రకరకాల పేర్లున్న గుర్తుల జాబితా. రెండు మాత్రం ఉంచాం.

## షీట్ సరిగ్గా వచ్చిందా అని చూడడం

మరుసటి రోజు ఉదయం, షీట్ చూడకుండా, ఖాళీ టేబుల్ గీసి నింపండి. మూడు నాలుగు గడులు తప్పడం మామూలే. ఒకే అడ్డ వరుసలో తప్పులు గుంపుగా వస్తే ఆ వరుస సరిగ్గా కుదరలేదని అర్థం. ఆమెకి "ఎలా వినాలి" వరుసంతా తప్పింది. కారణం వెతికితే ఆ వరుస తర్కం ఎక్కడా రాయలేదు. ఎమ్ఎస్ మర్మర్ లోగొంతు శబ్దం, దానికి బెల్ కావాలి. ఎడమ పక్కకు తిరిగితే ఎపెక్స్ ఛాతీ గోడకి దగ్గరవుతుంది. ఏఆర్‌ది సన్నని పై స్థాయి శబ్దం, దానికి డయాఫ్రమ్ కావాలి. ముందుకు వంగితే అయోర్టిక్ వాల్వ్ ఛాతీకి దగ్గరవుతుంది. ఈ రెండు కారణాలు వరుస కింద రాశాక రెండోసారి తప్పలేదు.

ఇంకో పరీక్ష: ఒక నిలువు వరుస మీద కాగితం పెట్టి మూసేసి, గొలుసు చదివి ఆ వరుసను పైకి చెప్పండి. గొలుసు నుంచి గడి రాకపోతే గొలుసులో ఏదో లంకె లేదు. ఆమె ఏఆర్ గొలుసులో డయాస్టోల్‌లో రక్తం వెనక్కి పోతుందని ఉంది గానీ, అందువల్ల డయాస్టాలిక్ బీపీ పడిపోతుందని లేదు. అది లేకుండా పల్స్ ప్రెషర్ ఎందుకు పెరుగుతుందో చెప్పలేకపోయింది.

షీట్ వల్ల కానిది కూడా ఒకటుంది. డయాస్టోల్ మధ్యలో వచ్చే గరగర అని ఎంత బాగా రాసుకున్నా, చెవి దాన్ని వార్డులోనే పట్టుకోవాలి. అందుకే కుడి వైపున రెండు వేళ్ళ మార్జిన్ వదిలించాను. పోస్టింగ్‌లో ఆ జబ్బు పేషెంట్ దొరికినప్పుడు, పేరూ నంబరూ లేకుండా, టేబుల్‌కి సరిపోయిందేదో సరిపోనిదేదో అక్కడ పెన్సిల్‌తో రాయాలి. పోయిన వారం ఆమె షీట్ మళ్ళీ చూశాను. ఎమ్ఎస్ గడి పక్కన మార్జిన్‌లో ఇలా ఉంది: "ఎస్1 గట్టిగా లేదు, స్నాప్ వినపడలేదు. ఎకోలో వాల్వ్ బాగా కాల్సిఫై." కింద తేదీ.